మధుర స్మృతులు వద్దు, రైలు పట్టా గురించి రాయండి

ప్రశ్న: మా జెడ్పీ హైస్కూల్ పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం సంక్రాంతికి పెడుతున్నాం. చదవగానే పాత రోజులు గుర్తొచ్చి, ముందుగానే పేర్లు ఇచ్చేలా ఆహ్వానం ఎలా రాయాలి?

ముందు ఆ ‘మరపురాని మధుర స్మృతులు’ తీసేయండి. మా బ్యాచ్ మొదటి ఆహ్వానం నిండా అవే. పైన సరస్వతీదేవి, కింద గులాబీలు. గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. డబ్బులు కట్టింది మాత్రం నిర్వాహకులే.

తర్వాత బి సెక్షన్ అమ్మాయి ఒకామె నాలుగు ముక్కలు రాసి పెట్టింది: “గంట బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క గుర్తుందా? లెక్కల పీరియడ్‌లో దాన్ని ముందే కొట్టేసింది ఎవరో ఇప్పటికైనా ఒప్పుకోండి. జనవరి 12 ఉదయం తొమ్మిదింటికి మన పదో తరగతి గదిలోనే విచారణ.” ఆ రాత్రి గ్రూపు నిద్రపోలేదు. ఒకడు నేను కాదంటాడు, ఇంకొకడు సాక్ష్యం చెబుతాడు. ఏళ్ల తరబడి నోరు విప్పనివాడు దుబాయ్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. మీ బళ్లో మాత్రమే ఉన్న వస్తువు ఒకటి పట్టుకుని, దాని మీద ఓ తగువు లేవదీయండి. మిగతాది వాళ్లే రాసుకుంటారు.

ఆ వేడి చల్లారకముందే, అదే మెసేజ్ కింద డబ్బు కట్టే వివరాలు ఉండాలి. ‘త్వరపడండి’ అంటే మనవాళ్లు కదలరు, కారణం చెప్పాలి. పండక్కి ఊరొచ్చేవాళ్ల టెన్షన్ అంతా రైలు టికెట్టే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జనవరి 11న బయల్దేరాలంటే నవంబర్ 12న బుక్ చేసుకోవాలి. కాబట్టి ఆహ్వానం అక్టోబర్‌లోనే వెళ్లాలి. “నవంబర్ 10 లోపు పేరు ఇస్తే ఒకే రైలుకి అందరం కలిసి బుక్ చేసుకుందాం” అని రాయండి. డిసెంబర్‌లో పంపి, ఎవరూ రాలేదని ఏడిస్తే లాభం లేదు.

“వస్తున్నావా?” అని అడగొద్దు. “ట్రై చేస్తా” అంటారు, వంటవాడికి ఆ లెక్క పనికిరాదు. డబ్బు కడితేనే పేరు ఎక్కినట్టని రాసి, రోజూ రాత్రి సెక్షన్ల వారీగా పేర్లు పెట్టండి. ఏ సెక్షన్ వెనకబడితే దానికి రోషం అదే వస్తుంది. ఎవరెంత కట్టారో మాత్రం పెట్టొద్దు. కట్టలేనివాళ్లు నిర్వాహకుల్లో ఒకరికి విడిగా ఫోన్ చేస్తే చాలని ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యం లేకే మా వాళ్లు కొందరు ఏదో పనుందని తప్పుకున్నారు.

ఫారంలో బడిలో ఉన్నప్పటి ఇంటిపేరు అడగండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిల్ని పోల్చుకోలేక మా జాబితాలో ఒకామెను రెండుసార్లు ఎక్కించారు.

ఇక ఫ్లెక్సీ మీద ఊరి నాయకుల ఫొటోలు, మధ్యాహ్నం దాకా ఉపన్యాసాలు అంటారా, దయచేసి వద్దు. మాస్టార్లకు శాలువాలు కప్పడం గంటలో ముగుస్తుందని ఆహ్వానంలోనే రాసేయండి. అది చూసి కూడా కొందరు వస్తారు.