వార్షికోత్సవ స్వాగతోపన్యాసం: వరుస తప్పకూడదు, హాజరు పిలిచినట్టూ ఉండకూడదు. ఎలా?

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరి ఏడాదైంది. వచ్చే శుక్రవారం యాన్యువల్ డే. వెల్‌కమ్ స్పీచ్ నాకు అప్పగించారు. వేదిక మీద ఎనిమిది మంది ఉంటారు. వరుస తప్పితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, వరుసగా చదివితే హాజరు పిలిచినట్టు ఉంటుంది. టెన్షన్‌గా ఉంది. ఎలా మాట్లాడాలి?

జవాబు: నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పన్నెండేళ్లుగా మా వార్షికోత్సవంలో స్వాగతం పలికేది నేనే. మొదటి ఏడాది ఏం జరిగిందో ముందు చెబుతాను.

ఆ రోజు వేదిక మీద తొమ్మిది మంది. తొమ్మిది వాక్యాలు రాసుకెళ్లాను. అన్నీ "గారికి హృదయపూర్వక స్వాగతం" అనే ముగిశాయి. మొదటి ఇద్దరికి చప్పట్లు బాగా మోగాయి. నాలుగో పేరుకు వెనక బెంచీల్లో కబుర్లు మొదలయ్యాయి. చివరి కుర్చీలో ఉన్నది, కాలేజీ పెట్టిన రోజు నుంచి పనిచేసి రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన వంతు వచ్చేసరికి ముందు వరుసలో ఇద్దరో ముగ్గురో చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం లేచి నిలబడి, హాలంతటికీ దండం పెట్టి కూర్చున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వరుసలో తప్పేమీ లేదు. ప్రతి వాక్యం ఎక్కడ ఆగుతుందో హాలుకు ముందే తెలిసిపోయింది, అదీ లోపం. తెలుగులో వాక్యం బరువంతా చివర పడుతుంది. తొమ్మిదిసార్లు చివర ఒకే మాట పడితే, మధ్యలో ఎంత మంచి సంగతి చెప్పినా వినపడదు.

అందుకని ఇప్పుడు రెండు పనులూ విడదీసి చేస్తాను. సంబోధన వేరు, స్వాగతం వేరు. సంబోధనలో విశేషణాలు పెట్టను. హోదా, పేరు, గారు, అంతే. ముందు సభాధ్యక్షులు, తర్వాత ముఖ్య అతిథి, ఆ తర్వాత గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, యాజమాన్యం, అధ్యాపకులు, తల్లిదండ్రులు, విద్యార్థులు. అందరికీ కలిపి చివర ఒకే నమస్కారం. అర నిమిషంలో అయిపోతుంది. వరుస విషయంలో ఎవరికీ లోటు ఉండదు.

ఈ వరుసకు ఆధారం ఆహ్వాన పత్రిక. అందులో అచ్చయిన క్రమమే మైకులోనూ రావాలి. పత్రికలోనే పొరపాటు కనిపిస్తే ముందురోజే ప్రిన్సిపాల్ గారితో తేల్చుకోండి, వేదిక మీద సొంతంగా సరిచేయొద్దు. మంత్రిగారో కలెక్టర్ గారో వచ్చేటట్టయితే, కలెక్టరేట్‌లో ప్రోటోకాల్ చూసే సిబ్బందిని ఒక్కసారి అడగడం మంచిది.

ఇక స్వాగతం. వరుస ఇక్కడా మారదు, కానీ అతిథులందరినీ ఒకే దారానికి గుచ్చాలి. మా కాలేజీ పిల్లల్లో చాలామంది పల్లెల నుంచి బస్సులో వస్తారు. రెండో ఏడాది ఆ బస్సునే దారంగా తీసుకున్నాను. పేర్లు తీసేసి, దాదాపు ఆ రోజు అన్నట్టే రాస్తున్నాను:

"ఈ హాల్లో ఉన్న పిల్లల్లో సగం మంది పొద్దున ఏడింటి బస్సు పట్టుకుని వచ్చారు. చెన్నూరు నుంచి, ఖాజీపేట నుంచి, సిద్దవటం నుంచి. ఆ బస్సు మా గేటు దగ్గర ఆగాలని పిల్లలు అర్జీ ఇస్తే, నెల తిరక్కుండా స్టాపు వేయించారు మన ముఖ్య అతిథి, శాసనసభ్యులు … గారు. మా ప్రిన్సిపాల్ గారి తరఫున వారికి స్వాగతం.

ఒకప్పుడు మా పిల్లలకు ఇంకో బస్సు కూడా ఉండేది. మార్కుల లిస్టులో ఒక్క అంకె తప్పు పడినా తిరుపతి యూనివర్సిటీకి వెళ్లాల్సి వచ్చేది. 2006లో కడపకే యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చింది. ఈరోజు ఆ విశ్వవిద్యాలయమే మా గేటు దాకా నడిచి వచ్చింది, రిజిస్ట్రార్ … గారి రూపంలో.

ఈ కార్యక్రమం ముగిసేసరికి చీకటి పడుతుంది. ఆఖరి బస్సు వెళ్లేదాకా బస్టాండులో తన సిబ్బంది ఉంటారని నిన్ననే మాట ఇచ్చారు డీఎస్పీ … గారు. వారికి స్వాగతం నేను చెప్పడం కంటే, ఇక్కడున్న అమ్మలు చెబితే బాగుంటుంది."

అక్కడ నేను ఆగాను. తల్లులు చప్పట్లు కొట్టారు. నేను రాసుకున్న ఏ వాక్యానికీ అంత చప్పుడు రాలేదు.

చూడండి, ముగ్గురు అతిథులు అయిపోయారు, వరుస తప్పలేదు, 'స్వాగతం' అనే మాటతో ముగిసిన వాక్యం ఒక్కటే. సభాధ్యక్షులైన మా ప్రిన్సిపాల్ గారి విషయం కూడా గమనించండి. ఆయన ఇంటి మనిషి. ఇంటాయనకే స్వాగతం చెప్పడం బాగుండదు. సంబోధనలో మొదట ఆయన్ను పలుకుతాం, స్వాగతంలో ఆయన తరఫున అతిథులను పిలుస్తాం.

ఇంకొకటి, పేరు ఎక్కడ పడాలన్నది. పేరు ముందు చెబితే వెంటనే చప్పట్లు వచ్చేస్తాయి, ఆ తర్వాత చెప్పే సంగతి ఆ మోతలో కొట్టుకుపోతుంది. సంగతి ముందు, పేరు చివర పెట్టండి. పేరు తర్వాత మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి ఆగండి. ఆగకపోతే హాలుకు చప్పట్లు కొట్టే సందు దొరకదు.

ఒక్కొక్కరి గురించి ఒక్క సంగతే తీసుకోండి, అది మీ కాలేజీకి తగిలేదై ఉండాలి. వారి చదువు, పదవులు, బిరుదులు పరిచయం చేసేవాళ్లు చదువుతారు, మీరు ముట్టుకోవద్దు. రెండు రోజుల ముందే వారి పీఏకు ఫోన్ చేసి పేరు ఎలా పలకాలి, ఇంటిపేరు ముందు చెప్పాలా, ప్రస్తుత హోదా ఏమిటి అని అడగండి. పాత పత్రిక చూసి హోదా రాసుకుంటే ఈలోపు బదిలీ అయి ఉండవచ్చు. మీరు చెప్పబోయే సంగతి కూడా నిజమేనా అని కాలేజీలో తెలిసినవాళ్లను కనుక్కోండి. ఆ బస్సు స్టాపు ఎవరు వేయించారో హాల్లో పిల్లలందరికీ తెలుసు. అతిశయోక్తి చెబితే మొదట పట్టుకునేది వాళ్లే.

మొత్తం నాలుగు నిమిషాలు దాటనివ్వను. ఒక్కొక్క అతిథికి ఒక్కొక్క అట్ట ముక్క, పెద్ద అక్షరాలతో. ఎవరైనా ఆలస్యమైతే ఆ ముక్క పక్కన పెట్టేస్తాను. ఖాళీ కుర్చీకి స్వాగతం చెప్పకూడదు. వారు వచ్చాక, నడుస్తున్న అంశం అయిపోనిచ్చి, వ్యాఖ్యాతను అడిగి ఆ రెండు వాక్యాలూ చెప్పేస్తాను.

ఇక చివరి కుర్చీ. అక్కడికొచ్చేసరికి హాలు అలసిపోతుంది కాబట్టి, అన్నిటికంటే మంచి వాక్యం అక్కడికి దాచుకోవాలి. నేను రాయడం మొదలుపెట్టేదే అక్కడి నుంచి. రెండో ఏడాది కూడా ఆ కుర్చీలో మాస్టారే ఉన్నారు. ఆయనకు ఇలా రాసుకున్నాను: "ఏడింటి బస్సు ఆలస్యమైన రోజుల్లో, ఆ పిల్లల పేర్లు హాజరు పట్టీ చివర్లో పిలిచేవారు మాస్టారు, ఎవరికీ ఆబ్సెంట్ పడకూడదని. ఈరోజు చివర్లో మేము ఆయన పేరు పిలుస్తున్నాం."

పేరు చెప్పి ఆగాను. ఈసారి చప్పట్లు వెనక బెంచీల నుంచి మొదలయ్యాయి. మాస్టారు దండం పెట్టి కూర్చునేదాకా నేను మైకు వదల్లేదు.