థర్మామీటర్ విరిగిపోయిందట

కావ్యా,

చెకోవ్ నాటకం 'చెర్రీ ఆర్చర్డ్' మీద నీ జవాబు చదివాను. "వార్యా, లొపాహిన్ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు కాబట్టి వాళ్లకి ఒకరంటే ఒకరికి ఇష్టం లేదు" అని రాసేశావు. ఆ ముక్కకి నాటకంలో ఆధారం ఎక్కడుంది తల్లీ?

నాలుగో అంకం మళ్లీ తెరువు, ఎస్టేట్‌ని వ్యాపారి లొపాహిన్ కొనేశాక అందరూ ఇల్లు వదిలి వెళ్లేది అక్కడే. వాళ్లిద్దరూ మాట్లాడుకునే సీన్ దగ్గర కాదు, దానికి కాస్త ముందు మొదలుపెట్టు. వార్యాని చేసుకోమని ఆమెని పెంచుకున్న రానెవ్‌స్కయా అడిగితే, ఇప్పుడే తేల్చేద్దాం, మీరు లేకపోతే నేను అడగలేనేమో అంటాడు లొపాహిన్. వార్యా సంగతా, రెండేళ్లుగా అందరూ ఈ పెళ్లి మాటే అంటున్నారని మూడో అంకంలో తనే చెప్పుకుంది. అంటే గదిలోకి వచ్చేటప్పటికే ఇద్దరి మనసులోనూ ఒకటే ప్రశ్న ఉంది. ముందు అది కాగితం మీద రాసుకో, తర్వాత ఒక్కో డైలాగూ దాని దగ్గరికి వెళ్తోందా, తప్పించుకుంటోందా చూడు.

వార్యా వస్తూనే సామాన్లలో ఏదో వెతుకుతుంది. ఏం వెతుకుతున్నావని లొపాహిన్ అడిగితే, నేనే సర్దాను, గుర్తు రావట్లేదంటుంది. ఆ వస్తువేమిటో చివరిదాకా చెప్పదు! నాకైతే అది అక్కడ నిలబడటానికి దొరికిన సాకులా కనిపిస్తుంది. ఎక్కడికి వెళ్తున్నావని అతను అడుగుతాడు, ఫలానా వాళ్లింట్లో పనికి కుదిరానంటుంది. అతను ఆపాల్సింది ఇక్కడే. ఆపకుండా ఆ ఊరు ఎంత దూరమో లెక్క చెబుతాడు. ఆ తర్వాత చలి, సున్నాకి మూడు డిగ్రీలు కింద అంటాడు. "నేను చూడలేదు" అంటుంది వార్యా, కాస్త ఆగి, మా థర్మామీటర్ విరిగిపోయిందంటుంది. పెళ్లిచూపుల్లో మనవాళ్లు ఎండల గురించి మాట్లాడుకున్నట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ రైలుకి టైమైపోతోంది.

థర్మామీటర్ అంటే విరిగిన హృదయం అని మాత్రం రాయకు, అది మనం అంటించేది. మాట్లాడటానికి ఇంకేమీ మిగల్లేదు, అయినా ఆమె గది వదలట్లేదు అని రాస్తే చాలు. అంతకన్నా గట్టి సాక్ష్యం బ్రాకెట్లలోని రంగసూచనల్లో ఉంది: బయట నుంచి ఎవరో పిలవగానే, ఆ పిలుపు కోసమే చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్నట్టు లొపాహిన్ గబగబా వెళ్లిపోతాడు. ఆమె నేల మీద కూర్చుని మూట మీద తల పెట్టి ఏడుస్తుంది. నువ్వు బ్రాకెట్లు వదిలేసి చదివావని నాకు అనుమానం.

అతను ఎందుకు అడగలేదంటే నాటకం తేల్చి చెప్పదు. ఆ ఇంట్లో తన తాత తండ్రులు బానిసలుగా బతికారన్న మొహమాటమా, అసలు ఇష్టమే లేదా, రెండిటికీ చోటుంది. "అడగాలని వచ్చి, తప్పించుకున్నాడు" వరకు ధైర్యంగా రాయి, కారణం దగ్గర "కావచ్చు" అను.

ఇప్పుడొకటి నువ్వే చెయ్యి. తర్వాత రానెవ్‌స్కయా లోపలికి వచ్చి "ఏమైంది?" అంటుంది, వెంటనే "వెళ్లాలి" అంటుంది. ఆ రెండు మాటల మధ్య ఆమెకేం తెలిసిందో, ఎలా తెలిసిందో నాలుగు వాక్యాల్లో రాసి పంపు.

పెద్దమ్మ