కస్టమర్ ఎన్నాళ్లుంటాడో చెప్పలేకపోయాను

ప్రశ్న: వచ్చే వారం ఒక చిన్న ఇన్వెస్టర్‌ని కలవబోతున్నాను. పది నిమిషాలే టైమ్ ఇచ్చారు. ఏం చెప్పాలి, ఏ లెక్కలు తెలిసి ఉండాలి?

స్లైడ్ల రంగులు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక్క కస్టమర్ లెక్క కాగితం మీద వేసుకోండి. నేను అది వేసుకోకుండా ఒక ఇన్వెస్టర్ దగ్గరికి వెళ్లి పరువు తీసుకున్నాను.

మాది చిన్న క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్. నెలకి 500. సర్వర్, పేమెంట్ ఖర్చులు, ఫోన్‌లో సాయం చేసే మనిషి జీతంలో వాటా పోగా 300 మిగిలేది. కొత్త కస్టమర్‌ని తేవడానికి 600 అవుతుందని ధీమాగా చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఇది ప్రకటనల ఖర్చే కదా, క్లినిక్‌లు తిరిగి డెమోలు ఇచ్చే కుర్రాడి జీతం ఏదీ?" అన్నారు. అది కలిపితే 1800 తేలింది.

తర్వాత ప్రశ్న ఇంకా ఘోరం: "నెలకి వందలో ఎంతమంది మానేస్తున్నారు?" ఇరవై మంది అన్నాను, అదేదో మామూలు సంగతి అన్నట్టు. అంటే వందని ఇరవైతో భాగిస్తే, ఒక్కో కస్టమర్ సగటున ఐదు నెలలే ఉంటున్నాడు. 300 చొప్పున ఐదు నెలలకి 1500. తేవడానికి పెట్టింది 1800. అంటే ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం! ఆయన డబ్బిస్తే నేను చేయబోయేది ఆ నష్టాన్ని పెంచడమే. అది నాకంటే ముందు ఆయనకి అర్థమైంది.

మార్కెట్ ఎంత పెద్దదో చెప్పే స్లైడ్ నా దగ్గరా ఉండేది. "అందులో ఒక్క శాతం వచ్చినా చాలు" అనే మాట వింటే ఇప్పుడు నాకే ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క శాతం ఎలా వస్తుందో ఎవరూ చెప్పరు.

ఇంటికొచ్చి మానేసినవాళ్ల జాబితా తీశాను. చాలామంది మొదటి నెలలోనే పోయారు, పాత పేషెంట్ల వివరాలు ఎక్కించుకోవడానికి ఓపిక లేక. ఆ పని మేమే చేసి పెట్టడం మొదలుపెట్టాం. మూడు నెలలకి మానేసేవాళ్లు వందలో ఎనిమిదికి దిగారు. ఇదే తీరు నిలిస్తే ఒక్కొక్కరు పన్నెండున్నర నెలలు ఉంటారు, 3750 మిగులుతుంది. పెట్టిన 1800 ఆరు నెలల్లో తిరిగొస్తుంది.

రెండోసారి పిచ్ అంతా ఈ కథే. చివర్లో బ్యాంకులో 6 లక్షలున్నాయనీ, వచ్చేది పోగా నెలకి లక్షన్నర కరుగుతోందనీ, నాలుగు నెలలే నడుస్తుందనీ దాచకుండా చెప్పాను. అడిగే డబ్బుతో ఎంతమంది కస్టమర్లు వస్తారో అదే 1800 లెక్కన చూపించాను. అడిగినదాంట్లో సగం ఇచ్చారు. ప్రతి నెలా మానేసినవాళ్ల సంఖ్య మాత్రం ముందు పంపమన్నారు, అమ్మకాలు తర్వాత చూస్తానన్నారు.