బ్రాంచీల శాతాలు కూడి నాలుగుతో భాగిస్తే కాలేజీ ప్లేస్‌మెంట్ శాతం రాదు

ప్రశ్న: మా వాడికి ఈఏపీసెట్ ర్యాంకుకి రెండు కాలేజీల్లో ఈఈఈ వచ్చేలా ఉంది సార్. మొదటి కాలేజీ బ్రోషర్‌లో ప్లేస్‌మెంట్లు సీఎస్ఈ 90, ఈసీఈ 80, ఈఈఈ 60, సివిల్ 50 శాతం అని ఉంది. నాలుగూ కూడి సగటు తీస్తే 70 వచ్చింది. వాళ్లేమో మొత్తం 74 అని వేసుకున్నారు. రెండో కాలేజీలో ఇవే 85, 75, 55, 45. సగటు 65 రావాలి, వాళ్లు ఏకంగా 77.5 అంటున్నారు! ప్రతి బ్రాంచీలోనూ తక్కువ ఉండి మొత్తంలో ఎక్కువ ఎలా అవుతుంది? ఇది దొంగ లెక్క కాదా? రెండు బ్రోషర్ల ఫొటోలూ పంపుతున్నాను. ఏ కాలేజీ ముందు పెట్టుకోమంటారు?

జవాబు: దొంగ లెక్క కాదండీ, కనీసం ఈ కూడిక వరకైతే కాదు. మీరు పంపిన ఫొటోల్లో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక్కో బ్రాంచీలో ఎంతమంది పిల్లలున్నారో కూడా వేశారు, మీరు దాన్ని వదిలేసి పెద్ద అక్షరాల్లో ఉన్న శాతాలు మాత్రం తీసుకున్నారు. ఆ చిన్న అక్షరాల్లోనే అసలు సంగతంతా ఉంది.

మొదటి కాలేజీ చూద్దాం. సీఎస్ఈలో 120 మంది, మిగతా మూడు బ్రాంచీల్లో తలా 60 మంది. 120 మందిలో 90 శాతం అంటే 108 మందికి ఉద్యోగాలొచ్చాయి. ఈసీఈలో 60కి 48, ఈఈఈలో 36, సివిల్‌లో 30. అంతా కలిపితే 222 మంది. మొత్తం పిల్లలు 300. 222ని 300తో భాగించి వందతో గుణిస్తే 74. వాళ్లు వేసుకున్నది అదే.

ఇప్పుడు రెండోది. ఇక్కడ సీఎస్ఈలో 480 మంది ఉన్నారు, అంటే దాదాపు ఎనిమిది సెక్షన్లు. ఈసీఈ 120, ఈఈఈ 60, సివిల్ 60. సీఎస్ఈలో 85 శాతం అంటే 408 మంది, ఈసీఈలో 90, ఈఈఈలో 33, సివిల్‌లో 27. కలిపితే 558 మంది, మొత్తం పిల్లలు 720. భాగిస్తే సరిగ్గా 77.5 వస్తుంది. కాగితం మీద మీరే ఒకసారి వేసి చూసుకోండి.

మరి మీ 65 ఎక్కడ తప్పింది? శాతాలను నేరుగా కూడి నాలుగుతో భాగించినప్పుడు ప్రతి బ్రాంచీకీ నాలుగో వంతు చొప్పున సమానంగా పంచేశారు. ఆ కాలేజీలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు సీఎస్ఈ వాళ్లే. అంతమందికి మీ లెక్కలో పావు వంతు పలుకుబడే దక్కింది, 60 మంది ఉన్న సివిల్‌కీ అంతే దక్కింది. శాతం అనేది ఒక భాగహారం చేశాక వచ్చిన జవాబు, కింద ఎంతమంది ఉన్నారన్నది అందులో చెరిగిపోతుంది. చెరిగిపోయినదాన్ని తిరిగి తెచ్చుకోకుండా జవాబులను జవాబులతో కూడితే కాలేజీ లెక్క రాదు. పైనున్న అంకెలన్నీ ఒకపక్క కూడి, కిందున్నవన్నీ ఇంకోపక్క కూడి, ఆఖర్న ఒక్కసారే భాగించాలి. నాలుగు బ్రాంచీల్లోనూ తలా 60 మందే ఉంటే మీరు చేసిన పద్ధతికీ దీనికీ ఒకే జవాబు వచ్చేది, అందుకే స్కూల్లో ఈ తప్పు ఎవరికీ పట్టుబడదు.

అలాగని మీ 70, 65 పనికిరాని అంకెలూ కావు. అన్ని బ్రాంచీల్లోనూ సమానంగా పిల్లలుంటే ఏ కాలేజీ ఎలా ఉండేదో అవి చెప్తాయి, ఆ లెక్కన మొదటిదే మెరుగు. అది వేరే ప్రశ్నకి జవాబు, అంతే. 'ఈ కాలేజీలో చదివిన వాళ్లలో నూటికి ఎంతమందికి ఉద్యోగం వచ్చింది' అన్నదానికి మాత్రం అది జవాబు కాదు.

ప్రతి బ్రాంచీలో 5 శాతం తక్కువ ఉన్న కాలేజీ మొత్తంలో మూడున్నర శాతం ఎక్కువ ఎలా అయింది అన్నారు కదా. ఉద్యోగాలు ఎక్కువొచ్చే బ్రాంచీలోనే పిల్లల్ని ఎక్కువగా చేర్చుకున్నారు కాబట్టి! బోధనా, ప్లేస్‌మెంట్ సెల్లూ మెరుగని కాదు, పిల్లల పంపకమే వేరు. స్టాటిస్టిక్స్‌లో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. దీనికి అందరూ చెప్పే అసలు ఉదాహరణ కూడా అడ్మిషన్లదే. 1973లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పీజీ స్థాయి కోర్సులకు దరఖాస్తు చేసిన మగవాళ్లలో 44 శాతం మందికి, ఆడవాళ్లలో 35 శాతం మందికి సీట్లొచ్చాయి. చూడగానే వివక్ష అనిపిస్తుంది. డిపార్టుమెంటు వారీగా విడదీస్తే చాలాచోట్ల తేడా పెద్దగా లేదు, ఒక పెద్ద డిపార్టుమెంటులోనైతే ఆడవాళ్లకు 82 శాతం, మగవాళ్లకు 62 శాతం వచ్చింది. ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేసినవి అసలే సీటు దొరకడం కష్టమైన డిపార్టుమెంట్లు, అందుకని మొత్తంలో వాళ్ల శాతం పడిపోయింది. మన కౌన్సెలింగ్‌లో ఇది పోనుపోను ఇంకా కనిపిస్తుంది. 2024-25 నుంచి ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ బాగా నడిచే కాలేజీలకు బ్రాంచీలో సీట్ల పరిమితి సడలించింది, సీఎస్ఈ సెక్షన్లు పెరిగిన చోట మొత్తం శాతం అంకె కూడా దానితోపాటే కదులుతుంది, మిగతా బ్రాంచీల్లో ఏమీ మారకపోయినా సరే.

అందుకని మీ వాడికి వచ్చేది ఈఈఈ అయినప్పుడు 74, 77.5 రెండూ పక్కన పెట్టేయండి. మీరు చూడాల్సింది ఒక కాలేజీలో 60కి 36, ఇంకో కాలేజీలో 60కి 33 అన్నది. 60 శాతం, 55 శాతం అని రాస్తే పెద్ద తేడాలా కనిపిస్తుంది కానీ నిజానికి ముగ్గురు పిల్లలు. ఒక కంపెనీ ఒక ఏడాది రాకపోతే, లేదా ఇద్దరు ముగ్గురు ఎంటెక్‌కి వెళ్తే ఆ తేడా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఐదు శాతం చూసి ఇంటి నుంచి రెండు గంటల బస్సు ప్రయాణం ఉన్న కాలేజీని ఎంచుకోవద్దనే నేను చెప్తాను.

ఇక నాకు నిజంగా అనుమానం ఉన్నది ఇంకోచోట, కింద పెట్టి భాగించిన ఆ 60 మంది అనే అంకె మీద. బ్రోషర్లో 'అర్హులైన విద్యార్థుల్లో' అనో 'నమోదు చేసుకున్న వారిలో' అనో ఎక్కడైనా రాసుందా చూడండి. చాలాచోట్ల బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లనీ, ఇంటర్ నుంచి బీటెక్ దాకా 60 శాతం లేనివాళ్లనీ ప్లేస్‌మెంట్ లిస్టులోంచి ముందే తీసేస్తారు. ఒక ఈఈఈ బ్యాచ్‌లో 60 మంది ఉంటే అందులో 45 మందినే అర్హులుగా పెట్టి, 27 మందికి ఉద్యోగాలొస్తే, బ్రోషర్‌లో 60 శాతం పడుతుంది. అదే 27ని మొత్తం 60తో భాగిస్తే 45 శాతం. రెండూ కూడికలో తప్పు లేని లెక్కలే, కానీ ఒక కాలేజీ అర్హుల మీద, ఇంకోటి మొత్తం మీద వేస్తే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మీవి రెండూ మొత్తం మీద వేసినవేనా అని ఫోన్ చేసి అడగండి, అడిగేటప్పుడు 'శాతం ఎంత' అనకుండా 'కిందటి బ్యాచ్ ఈఈఈలో మొత్తం ఎంతమంది ఉన్నారు, అందులో ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది' అని తలల లెక్క అడగండి. ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసే అలవాటూ కొన్నిచోట్ల ఉంది, 'ఆఫర్లు కాదండీ, పిల్లలు' అని నొక్కి అడగాల్సిందే.

ఫోన్లో తేలకపోతే కాలేజీ వెబ్‌సైట్‌లో కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ అయిన ఎన్ఐఆర్ఎఫ్‌కి ఇచ్చిన డేటా పీడీఎఫ్ వెతకండి, ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసే సంస్థలు దాన్ని పెడతాయి. అందులో నాలుగేళ్ల యూజీ కోర్సు కింద ఒక్కో బ్యాచ్‌కీ మొదటి ఏడాది ఎంతమంది చేరారు, లేటరల్ ఎంట్రీలో ఎంతమంది వచ్చారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అని శాతాలు కాకుండా మనుషుల సంఖ్యే ఉంటుంది. ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరే డిప్లొమా పిల్లల వల్ల 60 సీట్ల బ్రాంచీలో ఆఖరి ఏడాదికి 65, 66 మంది కనిపించవచ్చు, అది చూసి కంగారు పడొద్దు. ఆ పట్టికలో బ్రాంచీలు విడిగా ఉండవు కాబట్టి మీ ఈఈఈ గొడవ దానితో తీరదు, కానీ కాలేజీ మొత్తం మీద చెప్పిన అంకె నిజమో కాదో పావుగంటలో తేలిపోతుంది.

'మూడేళ్ల సగటు' అని ఎక్కడైనా వేసుంటే అక్కడా ఇదే తకరారు. ఒక బ్రాంచీలో రెండేళ్లు తలా 60 మంది, 90 శాతం చొప్పున, మూడో ఏడు సీట్లు పెంచి 240 మంది అయ్యారు, 60 శాతానికే ఉద్యోగాలొచ్చాయి అనుకోండి. శాతాలు కూడి మూడుతో భాగిస్తే 80. మనుషుల్ని లెక్కేస్తే 54, 54, 144, మొత్తం 360 మందిలో 252, అంటే 70 శాతం. పది శాతం తేడా అన్నమాట, అదీ పిల్లలు ఎక్కువగా నష్టపోయిన ఏడాదిని చిన్నది చేసి చూపిస్తూ. మీ వాడు చేరబోయేది పెద్ద బ్యాచ్ అయితే పాత చిన్న బ్యాచ్‌ల అంకెలకు నేనైతే పెద్దగా విలువ ఇవ్వను, ఆఖరి ఏడాది ఒక్కటే చూస్తాను.

పిల్లల సంఖ్య ఎక్కడా దొరక్కపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. కాలేజీ మొత్తం శాతం ఎప్పుడూ అన్నిటికంటే తక్కువున్న బ్రాంచీకీ అన్నిటికంటే ఎక్కువున్న బ్రాంచీకీ మధ్యలోనే పడాలి. మీ రెండో కాలేజీలో అది 45కీ 85కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, 77.5 అంటే సీఎస్ఈ, ఈసీఈ వాళ్లే ఎక్కువమంది ఉన్నారని దాన్నిబట్టే ఊహించవచ్చు. అదే 88 అని వేసి ఉంటే ఎంతమందిని ఎటు పంచినా రాదు, అప్పుడు మాత్రం మీరు నిలదీయవచ్చు. పిల్లల సంఖ్య బదులు కౌన్సెలింగ్‌లో చూపే సీట్ల సంఖ్యతో గుణించినా ఉజ్జాయింపుగా సరిపోతుంది, సీట్లన్నీ నిండని బ్రాంచీల దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ మధ్య సివిల్లో, మెకానికల్లో సగం కూడా నిండని కాలేజీలు ఉన్నాయి.

ఇక ఆప్షన్ల సంగతి. మీరు చెప్పినంతలో ఈఈఈకి రెండు కాలేజీల మధ్యా తేడా లేదనే అనుకోండి. మీ వాడిని తీసుకుని రెండు చోట్లకీ వెళ్లి, ఉద్యోగాలొచ్చిన ఆ 36 మందీ 33 మందీ ఎక్కడ చేరారో లిస్టు అడగండి. సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీల్లో ఎందరు, ఎలక్ట్రికల్ పనుల్లో ఎందరు అన్నది పేర్లు చూస్తే తెలిసిపోతుంది. ఒకరు లిస్టు ఇచ్చి ఇంకొకరు నసిగితే, లిస్టు ఇచ్చినదాన్ని పైన పెట్టండి. ఇద్దరూ ఇస్తే ఫీజు తక్కువున్నదీ దగ్గరగా ఉన్నదీ ముందు పెట్టండి. మీ వాడికి కోడింగ్ మీదే మనసుంటే సీఎస్ఈకి దగ్గరగా ఉన్న బ్రాంచీలు తక్కువ పేరున్న కాలేజీల్లో ఏమైనా వస్తాయేమో కిందటేడాది చివరి ర్యాంకులు చూసుకుని, వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపే వాటినీ జాబితాలో కలపండి.