పొటెన్షియల్ మార్కు దేన్ని చూసి వేశారో ముందు అడగండి

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో ఈ ఏడాది నుంచి నైన్-బాక్స్ గ్రిడ్ పెడుతున్నారు. సూపర్‌వైజర్లను బాక్సుల్లో పెట్టే మీటింగ్‌లో నేనూ కూర్చోవాలి. ముఖం చూసి మార్కులు వేయకుండా ఉండాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో హెచ్‌ఆర్ చూస్తుంటాను. ఇలాంటి మీటింగులు చాలా నడిపాను. నైన్-బాక్స్ అంటే తొమ్మిది గడుల చార్టు. ఒక గీత మీద ఇప్పుడు పని ఎలా చేస్తున్నారనే పెర్ఫార్మెన్స్, ఇంకో గీత మీద పైపనికి ఎదగగలరా అనే పొటెన్షియల్. నేను చూసినంతలో పక్షపాతం ఎక్కువగా పొటెన్షియల్ మార్కులోనే కాపురం పెడుతుంది. పెర్ఫార్మెన్స్‌కు ఎంతో కొంత లెక్క దొరుకుతుంది. పొటెన్షియల్ దగ్గరకు వచ్చేసరికి "నాకు అనిపిస్తోంది" తప్ప ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

ఒక మీటింగ్ సంగతి చెబుతాను. గోడకు తొమ్మిది గడుల చార్టు అంటించి, సూపర్‌వైజర్ల పేర్లు రాసిన పసుపు చీటీలు పెట్టుకుని కూర్చున్నాం. ప్లాంట్ మేనేజర్, ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి, క్వాలిటీ ఆయన, చెన్నై హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒకాయన, నేను. గ్రేడింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ చీటీ వచ్చింది. ముత్తుకూరు వైపు పల్లె నుంచి వచ్చే ఆవిడ. పీలింగ్ టేబుల్ దగ్గర కూలికి చేరి, అక్కణ్నించి ఎదిగిన మనిషి. 31/40 అని ముద్ర వేసిన పెట్టెలో పౌనుకు 31 నుంచి 40 రొయ్యలే ఉండాలి. అంతకంటే చిన్నవి కలిస్తే కొనేవాడు ఊరుకోడు, ధర కోస్తాడు. ఆమె సెక్షన్ నుంచి పోయిన సరుకు మీద అలాంటి కంప్లయింట్ రావడం చాలా అరుదు.

ప్లాంట్ మేనేజర్ అందరికంటే ముందు మాట్లాడారు. "పనిలో ఆమెకు తిరుగులేదు. కానీ అంతవరకే. పైకి పోయే మనిషి కాదు."

"ఎందుకు సార్?" అన్నాను.

"చిన్న పిల్లలున్నారు కదయ్యా, నైట్ షిఫ్టుకు రాదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి అంటే రాత్రీ పగలూ చూసుకోవాలి గదా."

అందరూ తలలూపారు. చీటీ పెర్ఫార్మెన్స్ ఎక్కువ, పొటెన్షియల్ తక్కువ అనే మూలకు పోయింది. తర్వాత చీటీ ప్యాకింగ్ సెక్షన్ కుర్రాడిది. చేరి ఏడాది కూడా కాలేదు. "చురుకైనవాడు, ఇంగ్లీషు బాగుంది, బయ్యర్ వచ్చినప్పుడు భలే మాట్లాడాడు" అన్నారు. పెర్ఫార్మెన్స్ మధ్యస్థం, పొటెన్షియల్ ఎక్కువ. నిమిషం కూడా పట్టలేదు.

అక్కడ ఆపమన్నాను. పొటెన్షియల్ అంటే దేనికి పొటెన్షియల్? ఏ కుర్చీ అనేది చెప్పకుండా మార్కు వేస్తే ప్రతివాళ్లూ తమకు నచ్చిన గుణానికి మార్కు వేస్తారు. ఒకాయన ఇంగ్లీషుకు వేస్తాడు, ఇంకొకాయన వినయానికి వేస్తాడు. కాబట్టి బోర్డు మీద "షిఫ్ట్ ఇన్‌ఛార్జి" అని రాసి, ఆ పనికి ఏం కావాలో నలుగురినీ చెప్పమన్నాను. సైజులు కలిసిన లోడు వచ్చినప్పుడు అక్కడికక్కడే నిర్ణయం తీసుకోవడం. మెషీన్ ఆగితే మనుషుల్నీ సరుకునూ సర్దడం. తన తర్వాత పని చేయగల మనిషిని తయారు చేయడం. తప్పు జరుగుతుంటే లోడింగ్ లేటవుతున్నా సరే లైన్ ఆపడం. ఇక రూలు ఏమిటంటే, ఒక్కో దానికి మీ కళ్లతో చూసిన ఒక సంఘటన చెప్పాలి, లేకపోతే దాని ఎదురుగా ఖాళీగా వదిలేయాలి.

గ్రేడింగ్ ఆవిడ విషయంలో మొదట గుర్తుచేసుకున్నది క్వాలిటీ ఆయన. ప్లేట్ ఫ్రీజర్ మొరాయించిన ఒక సాయంత్రం ఆమె ఎవరూ చెప్పకముందే గ్రేడ్ చేసిన సరుకంతా టబ్బుల్లో ఐసు పొరలు వేసి సర్దించింది. కొత్త సరుకు టేబుల్ మీదకు రాకుండా ఆపి, సగం మందిని పీలింగ్‌కు పంపింది. "ఆ రోజు టెంపరేచర్ షీట్ నా దగ్గరే ఉంది, 4 డిగ్రీలు దాటలేదు" అన్నాడాయన. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు వేరే లైన్లు చూస్తున్నారని ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి చెప్పారు. ఇవన్నీ ఆ గదిలో అందరికీ తెలిసినవే. అడిగేదాకా ఎవరికీ తోచలేదు. కుర్రాడి విషయంలో బయ్యర్‌తో మాట్లాడిన సంగతి తప్ప ఇంకేమీ రాలేదు.

నైట్ షిఫ్టు సంగతి మిగిలింది. టీ టైములో ఆమెను పిలిపించి అడిగాను. "షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేస్తే రాత్రి పని ఉంటుంది, వస్తావా అమ్మా?"

"నన్నెవురడిగారు సార్? పిల్లకాయల్ని మా అత్త చూసుకుంటది. రాత్రి షిఫ్టు దిగితే మా ఊరికి కంపెనీ బండి యాడుంది? బండి పెట్టండి, రేపట్నించే వస్తా."

మా కంపెనీ బస్సుకు ఆ రూట్లో రాత్రి ట్రిప్పు లేదు. దాన్ని ఆమె చీటీ మీద తక్కువ పొటెన్షియల్ అని రాశాం. ప్లాంట్ మేనేజర్ చెడ్డాయన కాదు, ఆమెకు కష్టం కలగకూడదనే అనుకున్నారు. కానీ జాలితో ఆమె బదులు ఆయన నిర్ణయం తీసుకున్నా, కోపంతో తీసుకున్నా ఆమెకు జరిగే నష్టం ఒకటే. ఇంటి పరిస్థితి, పిల్లలు, పెళ్లి, ఊరి దూరం పొటెన్షియల్ కిందకు రావు. పైకి వెళ్లాలనే కోరిక ఉందా లేదా అనేది ఆ మనిషినే అడగాలి. అక్కర్లేదు అంటే ఆ మాట విడిగా రాసుకోవాలి, మార్కు తగ్గించకూడదు.

ఆమె చీటీ పైగడికి వెళ్లింది. కుర్రాడి చీటీని కింద గడిలో పెడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. అతను తక్కువ అని కూడా రుజువు లేదు కదా. చార్టు పక్కన "ఇంకా తెలియదు" అని ఒక కాలమ్ గీసి అందులో పెట్టాం. వచ్చే సీజన్‌లో ఒక లైన్ పూర్తిగా అతనికి అప్పగించి చూడాలని రాసుకున్నాం. కొత్తగా చేరినవాళ్లనూ సెక్షన్ మారినవాళ్లనూ తొమ్మిది గడుల్లో ఎక్కడో ఒకచోట ఇరికించడం అన్యాయం. రాత్రి ట్రిప్పు వేయించడానికి నేను చాలాసార్లు ఫైలు తిప్పాల్సి వచ్చింది. ఆమె ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌ఛార్జి.

ఇది మా ఒక్క ప్లాంట్ జాడ్యం అనుకోకండి. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద రిటైల్ సంస్థ నైన్-బాక్స్ మార్కులను బెన్సన్, లీ, షూ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలించారు. అక్కడ ఆడవాళ్లకు పెర్ఫార్మెన్స్ మార్కులు మగవాళ్లకంటే ఎక్కువ, పొటెన్షియల్ మార్కులు తక్కువ. అదే పొటెన్షియల్ మార్కు వచ్చిన మగవాళ్లతో పోలిస్తే తర్వాతి కాలంలో ఆడవాళ్లే మెరుగ్గా పనిచేశారు. కాబట్టి మీ చార్టు నిండగానే పెర్ఫార్మెన్స్ ఎక్కువ, పొటెన్షియల్ తక్కువ అనే మూల ఎవరితో నిండిందో చూడండి. అందరూ ఆడవాళ్లో, తెలుగు మీడియం వాళ్లో, మేనేజర్ ఊరివాళ్లు కానివాళ్లో అయితే ఆ చీటీలన్నీ మళ్లీ తీయాల్సిందే. మేనేజర్‌కు చుట్టాలున్న చోట మార్కు ఆయన వేయకూడదు, పక్క సెక్షన్ వాళ్లు వేయాలి.

పెర్ఫార్మెన్స్ గీతను కూడా గుడ్డిగా నమ్మకండి. వెనామీ రొయ్యలు 100 కిలోలకు తల తీస్తే సుమారు 65 కిలోలు మిగలాలి. పెంకు మెత్తబడిన సరుకో, దారిలో ఐసు కరిగిపోయిన లారీయో వస్తే అంత రాదు. అలాంటి లోడ్లు ఎప్పుడూ ఒకే షిఫ్టుకు పడుతుంటే ఆ సూపర్‌వైజర్ ఎంత మొత్తుకున్నా కాగితం మీద వెనకబడే కనిపిస్తాడు. ఒకే రకం సరుకు పడిన రోజుల్నే పక్కపక్కన పెట్టి పోల్చాలి.

ఇంకో మాట. ఈ రివ్యూలు మార్చి, ఏప్రిల్‌లో పెట్టడం నాకు అసలు నచ్చదు. చలికాలంలో చెరువుల్లో సరుకు తగ్గి ప్లాంట్ నెమ్మదిస్తుంది. ఆ నెలలు అయిపోగానే కూర్చుంటే అందరికీ గుర్తుండేది ఆ ఖాళీ రోజులే. ఎండాకాలం పట్టుబడుల్లో లారీలు క్యూ కట్టినప్పుడు ఎవరు నిలబడ్డారో మరిచిపోతారు. హెడ్డాఫీసు క్యాలెండర్ మారదు కాబట్టి, నేను ప్రతి పట్టుబడి సీజన్ కాగానే సెక్షన్ ఇన్‌ఛార్జిల దగ్గర రెండు మూడు సంఘటనలు రాయించి ఉంచుతాను.

మీటింగ్ ఎలా నడపాలంటే, ప్రతి ఒక్కరూ గదిలోకి రాకముందే తమ మార్కులు కాగితం మీద రాసి ఇచ్చేయాలి. పెర్ఫార్మెన్స్ ఒక రోజు, పొటెన్షియల్ మరో రోజు వేయిస్తే ఇంకా మంచిది. ఒకే సిట్టింగ్‌లో రెండూ వేస్తే ఒక మార్కు చూసి రెండోది వేసేస్తారు. అలా జరిగిందో లేదో తెలుసుకోవడం తేలికే. చీటీలు దాదాపు అన్నీ కింది మూల నుంచి పై మూలకు ఐమూలగా ఒకే వరసలో పడితే పొటెన్షియల్‌ను ఎవరూ విడిగా ఆలోచించలేదని అర్థం. మాట్లాడేటప్పుడు చిన్నవాళ్లు ముందు, పెద్దాయన చివర. మా ప్లాంట్ మేనేజర్ మొదట మాట్లాడకపోయి ఉంటే క్వాలిటీ ఆయన ఫ్రీజర్ సంగతి ముందే చెప్పేవాడని నా గట్టి నమ్మకం.

ఒక్కో గడిలో ఇంతమందే ఉండాలని పైనుంచి కోటా వస్తే గట్టిగా కాదనండి. పది పన్నెండు మంది సూపర్‌వైజర్లున్న చోట కోటా పెడితే ఎవరినో ఒకరిని ఊరికే కిందకు తోయాలి. 1970ల్లో మెకిన్సీ వాళ్లు జనరల్ ఎలక్ట్రిక్ కోసం, ఏ వ్యాపారంలో డబ్బు పెట్టాలో తేల్చడానికి ఇలాంటి తొమ్మిది గడుల చార్టు గీశారు. మనుషుల్ని పెట్టడం తర్వాత వచ్చింది. వ్యాపారానికి మనసు విరగదు. గడి పేరు బయటికి పొక్కితే మనిషికి విరుగుతుంది. మా దగ్గర ఒకసారి ఎవరో చార్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే, కింద గడిలో ఉన్న మంచి ఎలక్ట్రీషియన్ మర్నాటి నుంచి పనికి రాలేదు. అందుకే ఇప్పుడు చార్టును ఫోటో తీయనివ్వను, మీటింగ్ కాగానే చీటీలు నా బీరువాలోకి పోతాయి. సూపర్‌వైజర్‌తో మాట్లాడేటప్పుడు గడి పేరు ఎత్తకుండా, రాసుకున్న సంఘటనలు చెప్పి, ఖాళీగా మిగిలిన దానికి రాబోయే సీజన్‌లో ఏ పని అప్పగిస్తున్నామో చెబుతాను.