టౌన్‌లో రోజుకి 30 కిలోమీటర్లు, రెండో అంతస్తులో అద్దె ఇల్లు: ఎలక్ట్రిక్ స్కూటర్ లెక్క

"మాది మహబూబ్‌నగర్. రోజూ 30 కిలోమీటర్ల దాకా టౌన్ రద్దీలోనే తిరుగుతా. రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుంటే రేంజ్ సరిపోతుందా, చార్జింగ్ ఎలా, రేపు అమ్మితే ఏమన్నా వస్తుందా? వాడినవాళ్లు చెప్పండి."

మీరు తిరిగే దూరానికి తీసుకోవచ్చు. కాకపోతే కింద పార్కింగ్‌లో మీ సొంత మీటర్ నుంచి ఒక పాయింట్ లాగడానికి ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోకపోతే మాత్రం వద్దనే చెప్తాను. నేను మందుల ఏజెన్సీలో ఆర్డర్లు తీసుకునే పని చేస్తాను. క్లాక్ టవర్, తెలంగాణ చౌరస్తా, మెట్టుగడ్డ, యెనుగొండ, అన్నీ నా లైన్‌లోవే. 2022 జూలైలో 3 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న స్కూటర్ కొన్నాను. మూడేళ్లు, 28,000 కిలోమీటర్లు నడిపి పోయినేడు అమ్మేశాను. అందుకే మీరడిగిన మూడింటికీ నా దగ్గర లెక్కలున్నాయి.

ముందు రేంజ్ సంగతి. రద్దీలో తిరిగితే బ్యాటరీ తొందరగా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పెట్రోల్ బండి సంగతి. ఎలక్ట్రిక్ బండి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మోటార్‌కి కరెంటు పోదు. ముందు ఆటో ఆగిందని యాక్సిలరేటర్ వదిలితే, ఆ వేగంలోంచి కొంత మళ్లీ బ్యాటరీలోకే వస్తుంది. బ్యాటరీని తినేసేది గాలి. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుని పోవడానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. కొత్తలో నా బండి టౌన్‌లో 25, 30 వేగంతో తిరిగితే కిలోమీటరుకి 28 వాట్ అవర్ల దగ్గర తీసుకునేది. నిండా చార్జ్ చేస్తే 95 కిలోమీటర్ల పైన వచ్చేది. అదే జడ్చర్ల వెళ్లేటప్పుడు అప్పన్నపల్లి బ్రిడ్జి దాటి 65లో పట్టిస్తే 38 దాకా పోయేది. అప్పుడు అదే చార్జ్‌కి 70 కిలోమీటర్లే. కంపెనీ కాగితంలో 115 అని ఉంది. ఆ అంకె టెస్టులో వచ్చింది కాబట్టి దాన్ని అబద్ధం అనలేం. కానీ మన రోడ్డు మీద అందులో నాలుగింట మూడొంతులు వస్తుందనుకుని లెక్క వేసుకోండి. టౌన్‌లోనే తిరిగితే ఇంకాస్త ఎక్కువే వస్తుంది.

మీరు టెస్ట్ రైడ్‌కి వెళ్తే మీటర్‌లో చూపించే "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అనే అంకెను పట్టించుకోకండి. అది అంతకుముందు నడిపినవాడి అలవాటును బట్టి మారుతుంది. పర్సెంట్ చూడండి. మీరు రోజూ పోయే రూట్‌లోనే, మీతో వెనక కూర్చునే మనిషితో సహా 10 కిలోమీటర్లు తిప్పి ఎన్ని పర్సెంట్ తగ్గిందో రాసుకోండి. 11 తగ్గితే నిండా చార్జ్‌కి 90. అందులోంచి కింది 20 పర్సెంట్ పక్కన పెట్టండి, దాని మీద రోజువారీ ప్లాన్ వేసుకోకూడదు. బ్యాటరీ పాతబడితే తగ్గే భాగం ఇంకో 20 పర్సెంట్ అనుకోండి. అయినా 55, 60 కిలోమీటర్లు మిగులుతాయి. మీ 30కి అది రెండింతలు. కాబట్టి రేంజ్ గురించి మీరు టెన్షన్ పడక్కర్లేదు, 2 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న చిన్న బండి కూడా మీకు సరిపోతుంది.

అసలు తలనొప్పి చార్జింగే. నా బండి చార్జర్ 750 వాట్లది. సుమారు 3 ఆంప్స్ లాగుతుంది. 5 ఆంప్స్ సాకెట్ చాలులే అనుకుని మొదట్లో వరండాలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కిందికి వేలాడదీశాను. రెండో నెలలో ఒకరోజు పొద్దున ప్లగ్ తీయబోతే వేలు కాలింది. తిప్పి చూస్తే ఒక పిన్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారి కొంచెం వంగి ఉంది. కాలిన వాసన కూడా వస్తోంది. ఎలక్ట్రీషియన్ బాక్స్ విప్పి చూపించాడు, లోపల వైరు బిగించే స్క్రూ సగం వదులు. మిక్సీ రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది కాబట్టి అలాంటి వదులు బయటపడదు. స్కూటర్ నాలుగైదు గంటలు ఆపకుండా లాగుతుంది, ఆ వదులు దగ్గరే వేడి పుడుతుంది. ఆ రోజే మా మీటర్ దగ్గర్నుంచి 2.5 ఎంఎం రాగి వైరు పైపులో వేయించి, కింద 15 ఆంప్స్ సాకెట్, దానికి విడిగా 16 ఆంప్స్ ఎంసీబీ పెట్టించాను. ఎర్తింగ్ కూడా చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక వైరే ఉండదు. కొన్ని చార్జర్లు ఎర్త్ లేకపోతే అసలు ఎక్కించవు, అప్పుడు మనం బండిలోనే లోపం అనుకుంటాం. పాయింట్ కొత్తగా పెట్టించినా మొదటి వారం రోజూ గంట తర్వాత ప్లగ్ పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, పట్టుకోలేనంత వేడి ఉంటే ఆపేసి మళ్లీ పిలిపించండి.

కరెంటు బిల్లులో ఒక సంగతి మన దగ్గర చాలామంది చూసుకోవడం లేదు. నెలకి 780 కిలోమీటర్లు తిరిగితే, చార్జర్‌లో పోయే వేడితో కలిపి 30 యూనిట్ల లోపే అవుతుంది. చూడ్డానికి చిన్న అంకె. కానీ గృహజ్యోతిలో మీకు జీరో బిల్లు వస్తుంటే, 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. మాది మామూలు నెలల్లో 150 దగ్గర ఉండేది, స్కూటర్ కలిసినా 180. నిరుడు ఏప్రిల్‌లో కూలర్ రాత్రంతా నడిచి ఇంటి వాడకమే 185కి పోయింది, దాని మీద స్కూటర్ పడి 200 దాటింది. వెయ్యికి పైన బిల్లు వచ్చింది. ఆ తర్వాత వేసవి రెండు నెలలు పదిహేను రోజులకోసారి మీటర్ రీడింగ్ చూసుకుని, దాటేలా ఉంటే ఏజెన్సీలో మా సార్‌ని అడిగి పగలు అక్కడే పెట్టుకున్నాను.

ఎండ గురించి కూడా చెప్పాలి, మనది 42 డిగ్రీల ఊరు. లిథియం బ్యాటరీ వేడిగా ఉండి, నిండుగా కూడా ఉంటే ఎక్కువ పాడవుతుంది. నేను మొదటి వేసవిలో రెండు పొరపాట్లూ చేశాను. మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చి, వెంటనే రేకుల షెడ్డు కింద ప్లగ్ పెట్టి, 100 అయ్యాక కూడా సాయంత్రం దాకా అలాగే వదిలేసేవాణ్ని. తర్వాత మారాను. ఇంటికొచ్చాక ముప్పావుగంట నీడలో ఆపి, రాత్రి పది తర్వాత పెట్టి, 85 దగ్గర తీసేసేవాణ్ని. జడ్చర్ల పోయే ముందు రోజే 100. అమ్మే ముందు సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్యం 83 పర్సెంట్ చూపించింది. టౌన్‌లో 80 కిలోమీటర్లు వస్తుండేది, రెండూ సరిపోయాయి.

ఇక అమ్మకం. ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. ఆన్ రోడ్ 1,22,000కి కొన్నది 46,000కి పోయింది. బ్యాటరీ వారంటీ మూడేళ్లు. రెండున్నరేళ్లప్పుడు ఒకాయన 56,000 ఇస్తానన్నాడు, తొందరేముందిలే అని ఊరుకున్నాను. వారంటీ అయిపోయిన నెలలో బేరం పెడితే ప్రతివాడూ ఒకటే అడిగాడు, "బ్యాటరీ పోతే ఎంతవుతుంది?" కొత్త బ్యాటరీ 50,000 పైమాటే. 46,000 బండికి ఆ భయంతో ఎవడు ఎక్కువ పెడతాడు? పైగా నేను కొన్న ధరకే కొత్త మోడళ్లు ఎక్కువ రేంజ్‌తో వస్తున్నాయి. మన రాష్ట్రంలో ఈ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఇచ్చారు. కొత్తది కొనేవాడికి అది లాభమే, పాతది అమ్మేవాడికి మాత్రం పోటీ.

అయినా నేను నష్టపోయానా? మా బావమరిది నేను కొన్న నెలలోనే 96,000కి పెట్రోల్ స్కూటర్ కొన్నాడు. నేను అమ్మిన నెలలో ఆయన దానికి 60,000 ధర పలికింది. ఆయనకు తగ్గింది 36,000, నాకు తగ్గింది 76,000. తేడా 40,000. ఇప్పుడు రోజు ఖర్చు చూడండి. లీటరుకి 45 చొప్పున 780 కిలోమీటర్లకి 17 లీటర్ల పైన పెట్రోల్, అంటే నెలకి 1,850. నాకు కరెంటు, డబ్బు కట్టినట్టే లెక్కేసుకున్నా 200. నెలకి 1,650 మిగిలితే మూడేళ్లకి 59,000 దాటింది. అమ్మకంలో పోయిన 40,000 తీసేసినా 19,000 నాకే మిగిలింది, ఇంజన్ ఆయిల్ ఖర్చు వేరే. అదే నేను రోజుకి 10 కిలోమీటర్లే తిరిగి ఉంటే మూడేళ్లకి మిగిలేది 20,000 లోపే, ఆ 40,000లో సగం కూడా వెనక్కి వచ్చేది కాదు. నా లెక్కలో రోజుకి 20 కిలోమీటర్ల దగ్గర రెండూ సమానం. మీరు 30 తిరుగుతున్నారు.

మూడేళ్లకే అమ్మే ఆలోచన ఉంటే, వారంటీ ఇంకా ఆరేడు నెలలు ఉండగానే అమ్మండి. కొనేటప్పుడే వారంటీ రెండో ఓనర్‌కి బదిలీ అవుతుందా అని రాతపూర్వకంగా అడగండి. ఎన్ని పర్సెంట్ కన్నా కిందికి పడితే బ్యాటరీ మారుస్తారో కూడా అందులోనే చూడండి. లోన్ మీద తీసుకుంటే చివరి కిస్తీ కట్టగానే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌వోసీ తెచ్చి ఆర్‌సీలో వాళ్ల పేరు తీయించుకోండి, దానికోసమే నా బేరం పన్నెండు రోజులు ఆగింది.

నా బండి కొన్నది భూత్పూర్ కుర్రాడు. ఫోన్‌లో బ్యాటరీ రిపోర్ట్ చూపిస్తే నమ్మలేదు. 60 పర్సెంట్ ఉన్నప్పుడు తీసుకుని వాళ్ల ఊరు పోయి తిరిగొచ్చి, ఎంత తగ్గిందో నా ముందే కాగితం మీద రాసుకుని, అప్పుడు డబ్బు ఇచ్చాడు. సెకండ్ హ్యాండ్ చూసే ఆలోచన మీకుంటే మీరూ అలాగే చూసుకోండి.