నష్టం వచ్చిన ఏడాదే రిటర్న్ గడువు దాటనివ్వకండి

ప్రశ్న: రాజమండ్రిలో బేకరీ నడుపుతున్నాను. మొదటి రెండేళ్లూ నష్టమే. 2022-23లో సీఏ ఫీజు 12,000 చేతిలో లేక, ఎలాగూ పన్ను లేదు కదా అని రిటర్న్ డిసెంబర్‌లో వేశాను. 2025-26లో లాభం బాగా వచ్చింది. పాత నష్టాలన్నీ తీసేస్తే పన్ను పడదు కదా? రెండో షాపు కోసం తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు నగదు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: పన్ను పడుతుంది, 85,020 రూపాయలు. మీరు పంపిన లెక్కల్ని వరసగా పెట్టి చూపిస్తాను, ఎందుకంటే చిన్న వ్యాపారుల్లో చాలామంది చేసే పొరపాటు ఇదే. మీకు వేరే ఆదాయం లేదన్నారు కాబట్టి ఏ ఏడాది నష్టం ఆ ఏడాది ఇంకెక్కడా సర్దుబాటు కాదు, మొత్తం ముందుకే వెళ్లాలి. అంకెలన్నీ లక్షల్లో:

| ఆర్థిక సంవత్సరం | తరుగుదలకు ముందు లాభం/నష్టం | ఆ ఏడాది తరుగుదల | మిగిలిన పాత నష్టం | మిగిలిన పాత తరుగుదల | పన్ను లెక్కకు వచ్చే ఆదాయం |
|---|---|---|---|---|---|
| 2021-22 | −9.00 | 3.00 | 9.00 | 3.00 | 0 |
| 2022-23 (ఆలస్యం) | −6.00 | 2.55 | 9.00 | 5.55 | 0 |
| 2023-24 | 4.17 | 2.17 | 7.00 | 5.55 | 0 |
| 2024-25 | 5.84 | 1.84 | 3.00 | 5.55 | 0 |
| 2025-26 | 23.57 | 1.57 | 0 | 0 | 13.45 |

రెండో వరస చూడండి. ఆ ఏడాది 6 లక్షల నష్టం ముందుకు రాలేదు. 2023 జులై 31లోపు రిటర్న్ పడి ఉంటేనే వ్యాపార నష్టం క్యారీ ఫార్వర్డ్ అవుతుంది, డిసెంబర్‌లో వేసింది చెల్లే రిటర్నే అయినా ఆ హక్కు మాత్రం పోయింది. అయితే ఓవెన్లు, మిక్సర్ల మీద తరుగుదల 2.55 లక్షలు పోలేదు, దానికి ఈ గడువు నిబంధన లేదు, ఎనిమిదేళ్ల పరిమితి కూడా లేదు. 2021-22 నష్టానికైతే 2029-30 వరకే ఆయుష్షు.

వరస కూడా ముఖ్యం: ముందు ఆ ఏడాది తరుగుదల, తర్వాత పాత నష్టం, చివర్లో పాత తరుగుదల. 2023-24, 2024-25లో మీ లాభం పన్ను పడేంత లేదు, అయినా పాత నష్టం 6 లక్షలు అక్కడ కరిగిపోయింది. పెద్ద లాభం వచ్చినప్పుడు వాడుకుంటాలే అని దాచుకునే వీలు చట్టంలో లేదు.

ఆ 6 లక్షలు కూడా వచ్చి ఉంటే ఈసారి ఆదాయం 7.45 లక్షలు అయ్యేది, కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. 13.45 లక్షల మీద స్లాబుల ప్రకారం 81,750, దాని మీద 4 శాతం సెస్సు.

పాత సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఆ 6 లక్షల్ని అలాగే మోసుకొస్తుంది. ఐటీఆర్-3లో Schedule CFL తెరిచి 2023-24 అసెస్‌మెంట్ సంవత్సరం వరస చూసుకోండి, అక్కడ అంకె కనిపిస్తే తీసేయించండి, లేకపోతే ప్రాసెసింగ్‌లో వాళ్లే కొట్టేసి డిమాండు పంపిస్తారు. తరుగుదల మాత్రం Schedule UDలో 5.55 ఉండాలి. ఆలస్యాన్ని మన్నించమని ప్రిన్సిపల్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, మీ ఏడాదికి 2029 మార్చి 31 దాకా గడువుంది, కానీ ఆసుపత్రి కాగితాల్లాంటి గట్టి కారణం చూపాలి. "పన్ను లేదనుకున్నాను" అంటే వినరు.

ఇప్పుడు అసలు సంగతి. చేతిలో 12,000 లేకపోవడం వల్ల ఇవాళ 85,020 కడుతున్నారు. లాభం వచ్చిన ఏడాది కూడా ఎమర్జెన్సీ ఫండ్ పక్కన పెట్టకుండా రెండో షాపు మాటెత్తుతున్నారంటే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. షాపు అద్దె, మాస్టర్ జీతం, కరెంటు బిల్లు, ఇంటి ఖర్చు, వీటికి ఆరు నెలలకు సరిపడా డబ్బు, అందులోనే సీఏ ఫీజూ పన్నూ కలిపి, వ్యాపారం ఖాతాతో సంబంధం లేని వేరే ఖాతాలో ఉండాలి. అది నిండే వరకు రెండో షాపు వద్దు.

ఆ అప్పు అసలే వద్దు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, నెలకు 15,000. ఒకేరోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ వడ్డీని ఖర్చుగా ఒప్పుకోరు, జేబులోంచి పోయిన డబ్బు మీద మళ్లీ పన్ను కడతారు. పైగా 20,000, అంతకు మించి నగదు అప్పు తీసుకోవడమే నిషేధం, పెనాల్టీ తీసుకున్నంత మొత్తం, అంటే ఇంకో 5 లక్షలు. ఫండ్ నిండాక కూడా షాపు కావాలంటే బ్యాంకు ఓడీ, ముద్ర లోన్ ఉన్నాయి, అప్పుడు అడగండి. ముందు ఆయనకు ఫోన్ చేసి డబ్బు అక్కర్లేదని చెప్పండి.